‘వెళ్ళి రండి’ని జపనీస్‌లోకి తీసుకెళ్ళడం: ఒక వీడ్కోలు టోస్ట్ డైరీ

సోమవారం

మా క్వాలిటీ విభాగంలో చాలాకాలంగా మాతో పనిచేస్తున్న జపాన్ సహోద్యోగి తన దేశానికి తిరిగి వెళ్ళిపోతున్నారు. పేరు బయటపెట్టను, ఇక్కడ ‘క సన్’ అని రాస్తాను. వీడ్కోలు కార్యక్రమంలో టోస్ట్, అంటే గ్లాసులెత్తే ముందు చెప్పే శుభాకాంక్షల మాటలు, చెప్పే బాధ్యత మా లైన్ సూపర్‌వైజర్ గారిది. ఆయన ఒకే మాట అన్నారు: “ఏమ్మా, నేను తెలుగులోనే మాట్లాడతాను. ఆయనకి మాత్రం ఒక్క ముక్క కూడా పోకుండా అందాలి.” దాన్ని జపనీస్‌లోకి తెచ్చే పని నాకు వచ్చింది. జపాన్ ఆఫీసు నుంచి మరికొందరు ఆన్‌లైన్‌లో వింటారు, కాబట్టి క సన్‌కు అర్థమైతే చాలదు. ఆయన తోటివాళ్ళ చెవికి కూడా మర్యాదగా వినిపించాలి.

ముందు హద్దులు తేల్చుకున్నాను. జపాన్ వీడ్కోలు విందులో, అంటే సోబెౘుకైలో, ప్రసంగం వేరు, టోస్ట్ వేరు. టోస్ట్‌ని ‘కంపై’ అంటారు. అది విందు మొదట్లోనే వస్తుంది, ఆ తర్వాతే అందరూ తినడం, తాగడం మొదలుపెడతారు. అందుకే చెప్పేది పొట్టిగా ఉండాలి. అక్కడ వార్తలు చదివే వేగాన్ని నిమిషానికి దాదాపు 300 అక్షరాలుగా లెక్కగడతారు. నేను పెట్టుకున్న కొలత అదే: జపనీస్ పాఠం 300 అక్షరాలు దాటకూడదు. సూపర్‌వైజర్ గారు తెలుగులో ఒక పేరా, నేను జపనీస్‌లో ఒక పేరా చెబుతాం. రెండూ కలిపి, గ్లాసులు ఎత్తడంతో సహా, మూడు నిమిషాలు మించకూడదు.

చివరి రెండు మాటలు మాత్రం సూపర్‌వైజర్ గారే జపనీస్‌లో చెబుతారు. ఆయనకు ఆ లిపి రాదు. దాని సంగతి తర్వాత చూస్తాను.

మంగళవారం

టీమ్‌లో ఒక్కొక్కరి దగ్గర ఒక్కో వాక్యం అడిగి తీసుకున్నాను. ఎక్కువమంది రాసినవి విశేషణాలే: గొప్ప ఇంజనీరు, మంచి మనసున్న మనిషి, క్రమశిక్షణకు మారుపేరు. ఒకరు ‘మీరు లేని లోటు తీరనిది’ అని రాశారు. ప్రేమతో రాసిందే గానీ, ‘తీరని లోటు’ అనేది మన పత్రికల్లో సంతాప వార్తల్లో వచ్చే మాట. బతికున్న మనిషిని పంపించేటప్పుడు తెలుగులోనే అది కుదరదు, తీసేశాను.

విశేషణాలతో ఇంకో చిక్కు ఉంది. ‘మీరు గొప్ప ఇంజనీరు’ అంటే తెలుగులో అది గౌరవమే. జపనీస్‌లో పెద్దవాళ్ళ పనిని చిన్నవాళ్ళు నేరుగా ‘బాగుంది, గొప్పగా ఉంది’ అని అంటే మార్కులు వేస్తున్నట్టు వినిపిస్తుంది. మార్కులు వేసేది పై స్థానంలో ఉన్నవాళ్ళు కదా. ‘మీరు చాలా కష్టపడ్డారు’ అన్నా అంతే. దానికి సులభంగా దొరికే జపనీస్ మాట ‘గొకురోసమ’. అది పైవాళ్ళు కిందివాళ్ళతో అనేదిగా లెక్క. అనుభవజ్ఞుడైన సహోద్యోగికి దాన్ని వాడకూడదు.

అక్కడ మెప్పు చెప్పే దారి వేరు. ‘మీరు ఇంత గొప్పవారు’ అనరు, ‘మేము మీ దగ్గర ఇది నేర్చుకున్నాం’ అంటారు. మెచ్చుకోలు వినేవాడి మీద కాకుండా చెప్పేవాడి మీదుగా వెళ్తుంది. ఈ సంగతి సూపర్‌వైజర్ గారికి చెబితే ఆయన కాసేపు ఆలోచించి, “అయితే గీతల పార్ట్‌ల రోజు చెబుదాం” అన్నారు.

ఆ రోజు మా అందరికీ గుర్తుంది. గీతలు పడ్డాయని ఒక లాట్ వెనక్కి వచ్చింది. మేమంతా మీటింగ్ రూమ్‌లో కూర్చుని అంకెలు చూస్తూ, ఏ షిఫ్టు, ఏ ఆపరేటర్ అని వెతుకుతున్నాం. క సన్ లోపలికి వచ్చి ఎవరి వల్ల జరిగిందని అడగలేదు. ఎక్కడ జరిగిందని అడిగారు. ఎవరి దగ్గరా జవాబు లేదు. మమ్మల్ని మిషన్ దగ్గరికి తీసుకెళ్ళి షిఫ్టు అయ్యేదాకా మాతోపాటు నిలబడి చూశారు. బెల్ట్ మీద పార్ట్ మలుపు తిరిగే చోట ఒక అంచు తగులుతోంది. అది ఏ అంకెల్లోనూ లేదు.

ఒక్క విశేషణం లేకుండా ఆయన ఎలాంటి మనిషో ఆ సంఘటన చెప్పేస్తుంది. టోస్ట్‌లో మిగతావన్నీ తీసేసి దీన్నే ఉంచాం.

బుధవారం

అనువాదానికి కూర్చున్నాను. తెలుగు నుంచి ఇంగ్లీషుకు, అక్కడి నుంచి జపనీస్‌కు వెళ్ళడం చాలామందికి అలవాటు. నాకు అది చుట్టుదారి. తెలుగు, జపనీస్ రెండింటిలోనూ క్రియ వాక్యం చివర్లో వస్తుంది. విభక్తి ప్రత్యయాలు నామవాచకం వెనకే అంటుకుంటాయి. ‘వెనక్కి వచ్చిన రోజు’లో ‘వచ్చిన’ ముందు, ‘రోజు’ తర్వాత. జపనీస్‌లోనూ ‘మొదొత్తెకిత హి’, అంటే వచ్చిన రోజు, అదే వరస. ఇంగ్లీషులోకి వెళ్తే ఈ వరస తలకిందులవుతుంది, మళ్ళీ జపనీస్‌లో దాన్ని సరిచేసుకోవాలి.

నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించింది ‘అని’. ‘ఎక్కడ జరిగిందని అడిగారు’లో ఆ ‘అని’ ఎలా పనిచేస్తుందో, జపనీస్‌లో ‘తొ’ అలాగే పనిచేస్తుంది. అడిగిన ప్రశ్న మొత్తం ముందు వస్తుంది, తర్వాత ‘తొ’, చివర్లో అడిగారు. మా సంఘటనలో గుండెకాయలాంటి రెండు వాక్యాలు పెద్దగా మార్పు లేకుండా అవతలికి వెళ్ళాయి:

ఎవరి వల్ల, అని అడగలేదు. ఎక్కడ జరిగింది, అని అడిగారు.

దరె నొ సే క, తొ వ... దొకొ దె ఒకిత నొ క, తొ...

చుక్కలు పెట్టిన చోట ‘అడిగారు’ రావాలి. ఏ క్రియ వాడాలో, దానికి గౌరవ రూపం ఏదో ఇంకా తేలలేదు. తేలికగా నోటికి వచ్చేది ‘కికరెమషిత’. ప్రస్తుతానికి అదే పెట్టి ఉంచాను.

సహాయక క్రియల్లోనూ పోలిక కనిపిస్తూనే ఉంది. మనం ‘చేసి చూడు’ అంటాం, వాళ్ళు ‘షితె మిరు’ అంటారు. ‘చేసి’కి ‘షితె’, ‘చూడు’కి ‘మిరు’. ప్రయత్నించడం అనే అర్థం కోసం చూడటం అనే క్రియనే రెండు భాషలూ ఎంచుకున్నాయి. తెలుగు వచ్చినవాళ్ళు జపనీస్ నేర్చుకునేటప్పుడు ఇలాంటివి ముందే చెబితే ఎంత భయం తగ్గుతుందో.

గురువారం

ఇవాళంతా ఒకే ప్రశ్న మీద గడిచింది: ఎవరు ఎవరికి చేసి పెట్టారు?

‘మాకు నేర్పారు’ అని తెలుగులో ఉంది. మాటకు మాట పెడితే ‘ఒషిఎమషిత’ అవుతుంది. వ్యాకరణం సరిగ్గానే ఉంటుంది, కానీ ఆయన నేర్పడాన్ని ఎవరో దూరం నుంచి చూసి రిపోర్టు రాసినట్టు వినిపిస్తుంది. ఆ మేలు మాకు అందిందని క్రియలోనే కనబడాలి. తెలుగులో మనకూ ఆ పనిముట్టు ఉంది: ‘చేసి పెట్టారు’, ‘రాసి ఇచ్చారు’. మనం కావాలంటే వాడతాం, లేకపోతే లేదు. జపనీస్‌లో మనకు మేలు జరిగినప్పుడు దాదాపు ప్రతిసారీ వాడాలి, వాడకపోతే కృతజ్ఞత లేనట్టు అనిపిస్తుంది.

వాడటానికి రెండు దారులున్నాయి. ‘ఒషిఎతె కుదసైమషిత’ అంటే కర్త ఆయన: ఆయన నేర్పి పెట్టారు. ‘ఒషిఎతె ఇతదకిమషిత’ అంటే కర్త మేము: మేము నేర్పించుకునే భాగ్యం పొందాం. నిలబడి చూసిన వాక్యంలో కళ్ళకు ఆయనే కనబడాలి, కాబట్టి అక్కడ మొదటిది: ‘ఇష్షొ ని తత్తె మితె కుదసైమషిత’. నేర్చుకున్న వాక్యంలో ఆయన పని ఇప్పుడు మా చేతికి వచ్చింది, కాబట్టి అక్కడ రెండోది. అన్నిచోట్లా ఒకటే పెడితే నాలుగు వాక్యాలు ఒకే తోకతో ముగిసి, వినేవాళ్ళకు విసుగొస్తుంది.

తర్వాత ‘మీరు’. తెలుగు పాఠంలో అడుగడుగునా ఉంది. దానికి నిఘంటువు చూపే ‘అనత’ని ఆఫీసులో పెద్దవాళ్ళ ముందు వాడరు. పేరు చివర ‘సన్’ చేర్చి పిలుస్తారు, లేదా అసలు ఏమీ అనరు, గౌరవ క్రియే ఎవరి సంగతో చెప్పేస్తుంది. జపనీస్‌లో ‘మీరు’లన్నీ పోయి, రెండు మూడు చోట్ల పేరు మిగిలింది. మన ‘గారు’ చేసే పని ‘సన్’ చేస్తుంది కాబట్టి, తెలుగు పాఠంలో కూడా ‘క సన్ గారు’ అనకుండా ‘క సన్’ అనే ఉంచాను.

బాగా ఆలోచింపజేసింది ‘మనం’, ‘మేము’ తేడా. వీడ్కోలు మాటల్లో ఈ తేడా ప్రాణంలాంటిది. ‘మనం కలిసి చేసిన పని’ అంటే అందులో ఆయన ఉన్నారు. ‘మేము ఆ రోజు అంకెలు చూస్తున్నాం’ అంటే అందులో ఆయన లేరు. జపనీస్‌లో ‘వతషితచి’ రెండింటికీ ఒకటే. ‘మేము’కి మంచి మాట దొరికింది: ‘వతకుషిదొమొ’. అది అణకువగా చెప్పే ‘మేము’, ఎదుటి మనిషి అందులో చేరడు. ‘మనం’కి అలాంటి మాట లేదు. దాన్ని సర్వనామంగా కాకుండా క్రియగా తెచ్చాను: ‘గొఇష్షొ ని షిగొతొ ఒ ససెతె ఇతదైత’, అంటే మీతో కలిసి పనిచేసే అవకాశం పొందిన. ‘కలిసి’ అనే మాటలో ఆయన లోపలికి వచ్చేస్తారు. నాకు తృప్తిగా ఉంది. ఇంగ్లీషు మీదుగా వచ్చి ఉంటే ఈ తేడా మొదటి మెట్టులోనే రాలిపోయేది, పోయిందన్న సంగతి కూడా తెలిసేది కాదు.

శనివారం

నాకు జపనీస్ నేర్పిన సెన్సే దగ్గర కూర్చున్నాను. ఆవిడ జపాన్ ఆవిడే, తెలుగు రాదు. అది ఇక్కడ మేలైంది. తెలుగులో ఏముందో చెప్పకుండా జపనీస్ పాఠం మాత్రం చదివి వినిపించి, “ఏం జరిగిందో మీ మాటల్లో చెప్పండి” అని అడిగాను. అనువాదం సరిగ్గా ఉందా అని అడిగితే, మర్యాద కొద్దీ చాలామంది ఉందనే అంటారు. కథ తిరిగి చెప్పమంటే అసలు సంగతి బయటపడుతుంది.

రెండు చోట్ల బయటపడింది.

మొదటిది ఆ ‘కికరెమషిత’. ఈ రూపం గౌరవానికీ వాడతారు, కర్మణికీ వాడతారు. ‘ఆయన అడిగారు’ అనీ అవుతుంది, ‘ఆయన్ని అడిగారు’ అనీ అవుతుంది. సెన్సే విన్న కథలో క సన్ లోపలికి రాగానే మేమే ఆయన్ని ఎక్కడ జరిగిందని నిలదీశాం! చదివేటప్పుడు అయితే సందర్భం కాపాడుతుందేమో. ఒక్కసారే విని వదిలేసే టోస్ట్‌లో ఆ సందిగ్ధం ఉండకూడదు. దాని బదులు ‘ఒతజునె ని నరిమషిత’ పెట్టాం. ఇది గౌరవ రూపం మాత్రమే, వేరే అర్థం రాదు. కొన్ని అక్షరాలు ఎక్కువైనా స్పష్టంగా ఉంది.

రెండోది ‘షిఫ్టు అయ్యేదాకా’. దానికి ‘షిఫుతొ గ ఒవరు మదె’ అని ఉంది. సెన్సే అర్థం సరిగ్గానే చెప్పారు, కానీ ‘ఒవరు’ దగ్గర కొంచెం ఆగారు. ఒవరు అంటే ముగియడం. శుభకార్యాల్లో, వీడ్కోళ్ళలో కొన్ని మాటలు పలకకూడదని అక్కడ పట్టింపు ఉంది, వాటిని ‘ఇమికొతొబ’ అంటారు. ముగియడం, వదిలిపోవడం, రాలిపోవడం, పడిపోవడం లాంటి క్రియలు అందులోకి వస్తాయి. ఇది మనకు వెంటనే అర్థమయ్యే సంగతి: ఇంట్లో బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అంటాం, దీపం ఆరిపోతే ‘కొండెక్కింది’ అంటాం. ఆవిడ ఇచ్చిన మాట ‘కోతై నొ జికన్ మదె’, అంటే షిఫ్టు మారే వేళ దాకా. అర్థం అంతే ఉంది, ముగింపు మాట మాత్రం పోయింది.

ఈ పట్టింపును అందరూ ఒకేలా పాటించరని కూడా ఆవిడే చెప్పారు. స్నేహితుల మధ్య ఎవరూ గమనించరు. జపాన్ ఆఫీసు పెద్దలు వింటున్న చోట, అదీ వేరే మాట చేతిలో ఉన్నప్పుడు, జాగ్రత్తగా ఉండటమే మంచిదని నాకూ అనిపించింది.

ఆదివారం

చివరి వాక్యం. సూపర్‌వైజర్ గారి తెలుగులో అది ‘వెళ్ళి రండి’.

మనం ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ‘వెళ్తాను’ అనం, ‘వెళ్ళొస్తాను’ అంటాం. జపాన్‌లో ఇల్లు దాటేటప్పుడు ‘ఇత్తెకిమసు’ అంటారు. ‘ఇత్తె’ అంటే వెళ్ళి, ‘కిమసు’ అంటే వస్తాను. ఇంట్లో ఉన్నవాళ్ళు ‘ఇత్తెరష్షై’ అంటారు, అంటే వెళ్ళి రండి. ‘రండి’లో గౌరవం ఉన్నట్టే ‘రష్షై’లోనూ గౌరవ క్రియ దాగి ఉంది. ఇన్ని మైళ్ళ దూరంలో ఉన్న రెండు భాషలు గుమ్మం దగ్గర ఒకే మాట అనుకుంటున్నాయి. ఈ టోస్ట్ మొత్తంలో నాకు బాగా ఇష్టమైన చోటు ఇదే.

అయితే నేరుగా పెట్టేస్తే సరిపోదని సెన్సే నిన్ననే అన్నారు. ‘ఇత్తెరష్షై’ ఇంట్లోవాళ్ళు, ఆఫీసులో ఉండిపోయేవాళ్ళు రోజూ అనే మాట. సాయంత్రానికో, కొన్నాళ్ళకో తిరిగి వచ్చే మనిషికి అంటారు. స్వదేశానికి పూర్తిగా వెళ్ళిపోతున్న పెద్దమనిషికి ఉన్నట్టుండి అది చెబితే, విదేశీయులు మాట తెలియక వాడారని వినేవాళ్ళు అనుకోవచ్చు. మరి మాకు కావాల్సింది ఆ అర్థమే కదా: ఇది కూడా మీ ఇల్లే, ఇక్కడి నుంచి వెళ్ళి రండి. తెలిసే అంటున్నామని వినేవాళ్ళకు తెలియాలి. అందుకు ముందు ఒక్క వాక్యం వివరణ కావాలి.

మొదట ‘తెలుగులో విడిపోయేటప్పుడు’ అని రాసి చూస్తే ‘వకరెరు’ వచ్చింది. అది విడిపోవడం, నిన్నటి పట్టింపుల జాబితాకు దగ్గరిది. దాని బదులు ‘ఇఎ ఒ దెరు తొకి’, ఇల్లు దాటేటప్పుడు, అని మార్చాను. మన మాట అసలు పుట్టిన చోటు కూడా అదే కాబట్టి నిజానికీ దగ్గరైంది. దానికి తగ్గట్టు తెలుగు పాఠాన్నీ దిద్దాను. అనువాదం చేస్తూ చేస్తూ మూలాన్ని మార్చడం కొందరికి నచ్చదు. రెండూ మన చేతిలోనే ఉన్నప్పుడు, రెండూ ఒకే నిమిషంలో ఒకే గదిలో వినిపించబోతున్నప్పుడు, రెండోది నేర్పిన మెరుగు మొదటిదానికి ఇవ్వకపోవడానికి నాకు కారణం కనబడలేదు.

మంగళవారం

ఇక సూపర్‌వైజర్ గారి కార్డు. ఆయన పలకాల్సినవి: గ్లాసులు తీసుకోమనడం, ‘ఇత్తెరష్షై’, శుభాకాంక్ష, ‘కంపై’.

ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఇస్తే ఏమవుతుందో ముందే తెలుసు. మనవాళ్ళు ఆ అక్షరాలు చూసి త బదులు ట, ద బదులు డ పలుకుతారు, హ్రస్వమైన అ అంతా ఆ అయిపోతుంది. జపనీస్‌లో త, ద మన దంత్యాల్లాంటివే. హ్రస్వ దీర్ఘాల తేడాకు అర్థమే మారుతుంది. ఎ, ఏ, ఒ, ఓ అని మనకు వేర్వేరు అక్షరాలున్నాయి, ఇంగ్లీషు లిపిలో లేవు. జపనీస్‌ని పలికించడానికి తెలుగు లిపి చక్కటి పనిముట్టు.

‘గొకౘుయకు’ అనే మాటలో ఒక పలుకు ఉంది, ‘చుక్క’ అన్నప్పుడు మనం పలికే దంత్య చకారం. తెలుగులో దానికి ౘ అనే అక్షరమే ఉంది, యూనికోడ్‌లోనూ ఉంది. కొన్ని ఫోన్లలో సరిగ్గా కనబడదు, అందుకే కార్డు మీద చేత్తో రాశాను. సూపర్‌వైజర్ గారికి “సార్, చుక్కలో చు” అన్నాను. అంతే, మొదటిసారే సరిగ్గా పలికారు.

లయ కోసం ఛందస్సు వాడాను. జపనీస్‌లో ప్రతి అక్షరానికీ సమానమైన ఒక వేటు ఉంటుంది. దీర్ఘానికి రెండు, ద్విత్వంలో ఆగడానికి ఒకటి, ‘న్’కి ఒకటి. మన మాత్రల లెక్క దాదాపు ఇదే. ‘ఇత్తెరష్షై’ని గురువు, లఘువు, గురువు, గురువుగా లెక్కిస్తే ఏడు మాత్రలు, జపనీస్ లెక్కలోనూ ఏడే. ‘కంపై’ రెండు గురువులు, నాలుగు మాత్రలు, అక్కడా నాలుగే. ఆయన బడిలో పద్యాలు బాగా చదివినవారు. వేళ్ళ మీద లెక్క చూపించగానే ‘ష్షై’ని తొందరగా మింగేయడం మానేశారు.

ఒక్క చోట లిపి ఉన్నదున్నట్టు చదవకూడదు. ‘కిమసు’, ‘దెసు’ లాంటి మాటల చివర ‘సు’ దాదాపు వినబడదు, ‘స్’ అని ఆగిపోతుంది. అవి నా పేరాల్లోనే ఉన్నాయి కాబట్టి ఆయన కార్డుకు ఆ బాధ లేదు.

గురువారం

ఇద్దరం కలిసి చదివి చూసుకున్నాం. పాఠం తేలిపోయింది.

తెలుగు, ఆయన గొంతులో:

“క సన్, మీతో కలిసి పనిచేసిన మా అందరి తరఫున రెండు మాటలు చెబుతాను. గీతలు పడ్డ పార్ట్‌లు వెనక్కి వచ్చిన రోజున మేము మీటింగ్ రూమ్‌లో అంకెలు చూస్తున్నాం. అక్కడికి వచ్చిన మీరు, ఎవరి వల్ల అని అడగలేదు. ఎక్కడ జరిగింది అని అడిగారు. మమ్మల్ని మిషన్ ముందుకు తీసుకెళ్ళి, షిఫ్టు మారే వేళ దాకా మాతో కలిసి నిలబడి చూశారు. ఇప్పుడు ఏదైనా వస్తే మేము ముందు ఆ చోటికే వెళ్తున్నాం. అది మీ దగ్గర నేర్చుకున్నదే. తెలుగులో ఇల్లు దాటేటప్పుడు వెళ్తాను అనం, వెళ్ళొస్తాను అంటాం. మీ భాషలోనూ అంతేనట. అందుకే ఈ రోజు ఈ మాట చెప్పనివ్వండి.”

జపనీస్, నా గొంతులో, పేరా పేరాకీ ఆగుతూ:

“క సన్, గొఇష్షొ ని షిగొతొ ఒ ససెతె ఇతదైత మొనొ ఒ దైహ్యో షితె, హితొకొతొ గొఐసౘు మోషిఅగెమసు.

కిజు నొ ౘుఇత బుహిన్ గ మొదొత్తెకిత హి, వతకుషిదొమొ వ కైగిషిౘు దె సూజి ఒ మితె ఒరిమషిత. సొకొ ఎ ఇరషిత క సన్ వ, దరె నొ సే క, తొ వ ఒతజునె ని నరిమసెన్ దెషిత. దొకొ దె ఒకిత నొ క, తొ ఒతజునె ని నరిమషిత. సొషితె వతకుషిదొమొ ఒ కికై నొ మఎ ఎ ౘురెతె ఇకి, కోతై నొ జికన్ మదె, ఇష్షొ ని తత్తె మితె కుదసైమషిత.

ఇమ దె వ, నని క అరెబ, మజు సొనొ బషొ ఎ ఇకిమసు. సొరె వ క సన్ ని ఒషిఎతె ఇతదైత కొతొ దెసు.

తెరుగుగొ దె వ, ఇఎ ఒ దెరు తొకి, ఇకిమసు తొ వ ఈమసెన్. ఇత్తెకిమసు, తొ ఈమసు. నిహొంగొ తొ ఒనజి దెసు. దెసుకర క్యో వ, కో ఇవసెతె కుదసై.”

ఆ తర్వాత నేను మాట్లాడను. సూపర్‌వైజర్ గారు కార్డు చూసి చెబుతారు: “ఇత్తెరష్షై.”

అక్కడ ఒక్క క్షణం ఆగాలి. క సన్ జవాబు చెప్పాలనుకుంటే చోటు ఉండాలి. తర్వాత ‘ఒతెమొతొ నొ గురసు ఒ ఒమొచి కుదసై’, మీ దగ్గరున్న గ్లాసు తీసుకోండి, అంటారు. గ్లాసులు తీసుకోమనడాన్ని కావాలనే ఇంత వెనక పెట్టాం. ముందే చెబితే అందరూ గ్లాసులు పట్టుకుని చేతులు నొప్పెట్టేలా నిలబడాలి, మాటల మీద ధ్యాస ఉండదు. గ్లాసులో ఏముందన్నది పట్టింపు కాదు, జ్యూస్ అయినా సరే. క సన్ గ్లాసుకు తగిలించేటప్పుడు మన గ్లాసు అంచు కాస్త కిందుగా ఉండాలని మాత్రం టీమ్ అందరికీ చెప్పాను.

చివరి వరస: “గొకెన్షో తొ గొకౘుయకు ఒ ఇనొత్తె, కంపై!” ఆరోగ్యాన్నీ, చేయబోయే మంచి పనులనూ కోరుకుంటూ అని అర్థం. ఇది అక్కడ అందరూ వాడే మాటే. ఇక్కడ కొత్తదనం కోసం వెతకలేదు. ఈ వరస వినగానే గ్లాసు ఎత్తాలని జపాన్ వాళ్ళందరికీ తెలుసు. వేరే మాట పెడితే ఎప్పుడు ఎత్తాలో తెలియక సగం మంది ఆలస్యం అవుతారు. మనవాళ్ళ కోసం ‘ఇనొత్తె’ దగ్గర సూపర్‌వైజర్ గారు గ్లాసు పైకెత్తుతారు, అది చూసి అందరూ ‘కంపై’ అనాలి. ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, చప్పట్లు కొట్టాలి.

టైమ్ చూసుకున్నాం, రెండున్నర నిమిషాల లోపే వచ్చింది. రెండు భాషల పాఠాన్నీ పక్కపక్కన ఒకే కాగితం మీద ప్రింట్ తీశాను, ఎడమ వైపు తెలుగు, కుడి వైపు జపనీస్. ఒకటి క సన్‌కి, ఒకటి జపాన్ ఆఫీసుకు మెయిల్‌లో. ఆన్‌లైన్‌లో మాట తెగినా కాగితం చూసి అందుకోగలరు. సూపర్‌వైజర్ గారి కార్డు ఆయన చొక్కా జేబులోకి వెళ్ళింది. రేపు మధ్యాహ్నం హాల్లో మైక్‌తో ఇంకోసారి చదివి చూసుకోవాలి.